రెండు నెలల అడ్వాన్స్ తీసుకున్నాక అద్దె కూడా ముందే ఎందుకు కట్టాలి?

జూన్ 5 నుంచి జూలై 5 దాకా, ఆ ఒక్క నెలలో మా ఇంట్లోంచి అద్దెల పేరు మీదే 87,000 రూపాయలు బయటికి వెళ్లాయి. అప్పుడు మేం ఉంటున్న పోర్షన్ అద్దె 12,000, వెళ్లబోయే ఇంటి అద్దె 18,000. ఈ రెండు అంకెల్లోంచి 87,000 ఎలా వచ్చిందో మా ఆయనకి చెప్పడానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది, కాగితం మీద రాసి చూపిస్తే గానీ ఆయన నమ్మలేదు, నిజానికి రాసేదాకా నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ఇద్దరు ఓనర్లలో ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. పాత ఇంట్లో నెల గడిచాక అద్దె కట్టేవాళ్లం, కొత్త ఇంట్లో నెల మొదట్లోనే కట్టాలి, జరిగిందంతా ఇంతే.

ముందు ఈ అడ్వాన్స్ అనే మాట సంగతి చూడాలి, ఎందుకంటే హైదరాబాదులో ఈ ఒక్క మాటే చాలా గొడవలకి మూలం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "అద్దె 18 వేలు, రెండు నెలలు అడ్వాన్స్" అంటారు. వినడానికి రెండు నెలల అద్దె ముందే కట్టేస్తున్నాం అనిపిస్తుంది కానీ అది అద్దె కాదు, డిపాజిట్. మనం ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వాల్సిన మన డబ్బు. అద్దె ముందు కట్టడం అనేది పూర్తిగా వేరే విషయం, జూలై నెల అద్దె జూలై 5 లోపు కడితే ముందు కట్టినట్టు, జూలై అంతా ఉండి ఆగస్టు 5 లోపు కడితే తర్వాత కట్టినట్టు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇప్పటికీ నెల నిండాకే అద్దె. ఇక్కడ కూడా పాత వాటాల్లో చాలాచోట్ల అంతే. అపార్ట్‌మెంట్లలో మాత్రం ఎక్కువగా ముందే అడుగుతున్నారు, అడ్వాన్స్ తగ్గించకుండా అడుగుతున్నారు, నా అభ్యంతరం అక్కడే.

ఆ 87,000 లెక్క ఇది. ఆషాఢం రాకముందే పాలు పొంగించాలని మా అత్తయ్య పట్టుబట్టడంతో కొత్త ఇంటి తాళాలు జూన్ 16న తీసుకున్నాం. పాత ఇల్లు జూన్ 30 దాకా మా చేతిలోనే ఉంది. జూన్ 5న పాత ఇంటికి మే నెల అద్దె 12,000 కట్టాం. జూన్ 16న కొత్త ఇంటికి అడ్వాన్స్ 36,000, దాంతోపాటు జూన్‌లో మిగిలిన 15 రోజులకి రోజుకి 600 చొప్పున 9,000. జూలై 5న పాత ఇంటికి జూన్ నెల అద్దె 12,000, అదే రోజు కొత్త ఇంటికి జూలై అద్దె 18,000. అంతా కూడితే 87,000. పాత ఇంటి అడ్వాన్స్ 24,000 తిరిగి రావాలి కదా అంటారేమో, అది జూలై నెలాఖరుకి పెయింటింగ్ కింద 8,000 కోసుకుని 16,000గా వచ్చింది, అంటే మాకు డబ్బు అవసరమైన రోజుల్లో రాలేదు.

ఇందులో మా ఆయనకి మింగుడుపడనిది జూలై 5 తారీఖు. "ఖాళీ చేసేసిన ఇంటికి మళ్లీ అద్దె ఏంటి?" అని. నేను చెప్పింది ఒక్కటే, మనం ఆ ఇంట్లో చేరిన మొదటి నెల ఏమీ కట్టలేదు గుర్తుందా, అడ్వాన్స్ ఒక్కటే ఇచ్చి చేరాం, మొదటి అద్దె నెల తిరిగాకే ఇచ్చాం, ఆ రోజు కట్టకుండా మిగిలిన నెలే ఇన్నేళ్లూ వెనకే నడుచుకుంటూ వచ్చి ఖాళీ చేశాక ఎదురైంది. నెల తర్వాత కట్టే ఇంట్లో చేరేటప్పుడు సులువు, వెళ్లేటప్పుడు బరువు. ముందు కట్టే ఇంట్లో దీనికి తిరగేసి ఉంటుంది, చేరే రోజే అద్దె పడుతుంది, ఆఖరి నెల అద్దె మాత్రం ఆ నెల మొదట్లోనే అయిపోతుంది కాబట్టి వెళ్లేరోజుకి బాకీ ఏమీ ఉండదు. మొత్తం నెలలూ మొత్తం అద్దెలూ రెండింట్లోనూ సమానమే. కానీ తర్వాత కట్టే ఇంట్లోంచి ముందు కట్టే ఇంట్లోకి మారితే మాత్రం ఆ రెండు బరువులూ ఒకే వారంలో మీద పడతాయి. ఇల్లు మారేవాళ్లు లారీ ఖర్చూ గీజర్ బిగించే ఖర్చూ లెక్కేసుకుంటారు గానీ దీన్ని వేసుకోరు, మేమూ వేసుకోలేదు, చివరికి మా తమ్ముడి దగ్గర 20,000 చేబదులు తీసుకోవాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు ఓనరు వైపు నుంచి చూద్దాం, వాళ్లకీ భయాలున్నాయి, అవి ఉత్తుత్తి భయాలు కావు. అద్దె మానేసిన మనిషిని ఖాళీ చేయించడానికి కోర్టుకి వెళ్తే ఎన్నేళ్లు పడుతుందో అందరికీ తెలుసు. అందుకే వాళ్లకి కావాల్సింది రెండు విషయాలు, అద్దె ఆగిన సంగతి త్వరగా తెలియాలి, తెలిసే రోజుకి చేతిలో కొంత డబ్బు ఉండాలి. నెల తర్వాత కట్టే పద్ధతిలో జూన్ అద్దె జూలై 5న రావాలి, రాకపోతే అప్పుడే తెలుస్తుంది, అప్పటికి అద్దెదారు దాదాపు 35 రోజులు డబ్బు కట్టకుండా ఉండేసి ఉంటాడు. చేతిలో రెండు నెలల అడ్వాన్స్, అంటే 60 రోజులకి సరిపడా ఉంటే ఇంకా 25 రోజులు మిగులుతాయి. ముందు కట్టే పద్ధతిలో జూన్ అద్దె జూన్ 5నే రావాలి, రాని రోజుకి వాడుకున్నది 5 రోజులే. అప్పుడు చేతిలో ఒక్క నెల అడ్వాన్స్ ఉన్నా చాలు, 30లోంచి 5 తీస్తే అదే 25 రోజులు.

నేను ఈ లెక్క వేసుకున్న రోజు కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండు నెలల అడ్వాన్స్ తీసుకుని అద్దె నెల తర్వాత తీసుకున్నా, ఒక నెల అడ్వాన్స్ తీసుకుని అద్దె ముందే తీసుకున్నా, ఓనరుకి దొరికే రక్షణ ఒక్కటే. మనం చేరే రోజు తీయాల్సిన డబ్బు కూడా ఒక్కటే, మొదటి దాంట్లో 36,000 అడ్వాన్స్, రెండో దాంట్లో 18,000 అడ్వాన్స్ ప్లస్ 18,000 మొదటి అద్దె. వెళ్లేరోజు కూడా అంతే, మొదటి దాంట్లో ఓనరు దగ్గర మన 36,000 ఉంటుంది కానీ మనం ఇవ్వాల్సిన 18,000 ఉంటుంది, రెండో దాంట్లో ఓనరు దగ్గర 18,000 ఉంటుంది, మనం ఇచ్చేది ఏమీ ఉండదు. ఎలా చూసినా మనకి రావాల్సింది 18,000. అంటే ఈ రెండూ ఒకే వస్తువుకి రెండు ప్యాకింగులు. రెండు నెలల అడ్వాన్సూ కావాలి, అద్దే ముందే కావాలి అంటే అది మూడో నెల, దాన్ని మూడో నెల అని ఎవరూ పైకి అనరు కాబట్టి మనకి కనపడదు. అలా తీసుకున్న ఇంట్లోంచి వెళ్లేరోజు మన డబ్బు 36,000 ఓనరు దగ్గర ఉంటుంది, మన దగ్గర వాళ్లకి ఇవ్వాల్సింది ఏమీ ఉండదు, ఇక పెయింటింగ్ అన్నా, కిటికీ అద్దం అన్నా, "వచ్చే వారం చూద్దాం అమ్మా" అన్నా వినడం తప్ప చేసేదేం లేదు.

పాత చట్టాలు ఈ విషయంలో ఎటు వైపు ఉన్నాయో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960 అద్దెల చట్టంలో, అద్దె కట్టే తారీఖు అగ్రిమెంటులో రాసుకోకపోతే, ఏ నెల అద్దె అయినా ఆ తర్వాతి నెల ఆఖరి రోజులోపు కట్టకపోతేనే బాకీపడ్డట్టు. జూన్ అద్దెకి జూలై 31 దాకా టైము. అంటే ఏమీ రాసుకోకపోతే నెల గడిచాకే అద్దె అన్నది ఆ చట్టం ఊహించిన మామూలు పద్ధతి. ఇప్పటి పెద్ద అద్దెల ఇళ్లకి ఆ చట్టం వర్తించదు గానీ, ముందు కట్టడం అనేది ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే వచ్చేది, దానంతట అదే వచ్చేది కాదు అని గుర్తుపెట్టుకోవడానికి చెప్తున్నాను. ఒప్పుకునేది మనమే అయినప్పుడు బదులుగా ఏదో ఒకటి అడిగే హక్కు కూడా మనకుంది.

ఇక ఆఖరి నెల. ముందు కట్టే పద్ధతిలో అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది, నాకు తగిలింది కూడా.

ఆ 18,000 ఇంట్లో రెండేళ్ల పైన ఉన్నాం. మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ వచ్చి నవంబర్ 10న ఖాళీ చేయాల్సి వచ్చింది. నెల ముందే చెప్పాం. నవంబర్ 3న ఎప్పట్లాగే 18,000 కట్టేశాను, అలవాటుగా చేతులు వాటంతట అవే కట్టేశాయి. పదో తారీఖు తాళాలు ఇస్తూ మిగిలిన 20 రోజులకి 12,000 తిరిగి ఇస్తారా అంకుల్ అని అడిగితే, "నెల మొదలైందంటే నెలంతా లెక్కేనమ్మా, ఎక్కడైనా ఇంతే" అన్నారు ఓనరుగారు. చేరేటప్పుడు 15 రోజులకి రోజు లెక్కన 9,000 మాత్రమే తీసుకున్నారు కదా అన్నాను. "అది నేను మంచితనంగా చేసింది" అన్నారు. అగ్రిమెంటు తీసి చూస్తే ప్రతి నెలా 5 లోపు ఆ నెల అద్దె ముందుగా చెల్లించాలి అని ఉంది, మధ్యలో ఖాళీ చేస్తే రోజుల లెక్క ఉందా లేదా అన్నది ఒక్క ముక్క కూడా లేదు. ఆ 12,000 మాకు రాలేదు.

అదే ఇంట్లో అద్దె నెల తర్వాత కట్టే పద్ధతి ఉండుంటే సీన్ మొత్తం మారిపోయేది. డబ్బు నా దగ్గరే ఉండేది, నేను పది రోజులకి 6,000 కడతాను అనేదాన్ని, కాదు నెలంతా కావాలంటే ఆయన నన్ను అడగాల్సి వచ్చేది. మాటల్లో ఎవరిది రైటు అన్నది ఒకటే అయినా డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటే నెగ్గుతుంది.

నాలాంటి వాళ్లకే కాదు, పెద్ద పెద్ద కంపెనీలకి కూడా ఇదే జరిగింది. ఇంగ్లండులో మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద షాపుల కంపెనీ లండన్ పాడింగ్టన్‌లో ఆఫీసుకి స్థలం అద్దెకి తీసుకుంది. అక్కడ వ్యాపార అద్దెలు మూడు నెలలకోసారి ముందే కట్టాలి, అందులో ఒక తారీఖు డిసెంబర్ 25. ఒప్పందంలో ఉన్న వీలు ప్రకారం వాళ్లు 2012 జనవరి 24తో లీజు ముగించుకున్నారు, కానీ డిసెంబర్ 25న మూడు నెలల అద్దె మొత్తం కట్టి ఉన్నారు. జనవరి 24 తర్వాత వాడుకోని రెండు నెలల డబ్బు తిరిగి ఇమ్మని కోర్టుకెళ్లారు. 2015 డిసెంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదు అని తేల్చింది. ముందుగా కట్టాల్సిన అద్దె ఆ తారీఖున మొత్తంగా బాకీ అయిపోతుంది, దాన్ని రోజుల చొప్పున విడగొట్టే వాళ్ల 1870 నాటి చట్టం వాడుకున్నాక కట్టే అద్దెలకే వర్తిస్తుంది, ముందు కట్టేవాటికి వర్తించదు, తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోనప్పుడు మేం ఊహించి చేర్చలేం అన్నారు. అది ఇంగ్లండు తీర్పు, ఉప్పల్లో మా ఓనరుగారికి దాంతో సంబంధం లేదు. కానీ అంతంత లాయర్లని పెట్టుకున్నవాళ్లు రాసిన ఒప్పందంలో కూడా ఆ ఒక్క లైను లేకపోవడం వల్లే డబ్బు పోయింది అన్నది నన్ను బాగా పట్టుకుంది.

మన దగ్గర ఈ సమస్య పెరగడానికి ఒక కారణం కూడా ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టంలో 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దెని ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. పూర్వం ఆ నోటీసు అద్దె నెల ఆఖరితో ముగిసేలా ఇవ్వాలని ఉండేది, కాబట్టి మధ్యలో రోజులు మిగిలే బాధే లేదు. 2002 సవరణతో ఆ షరతు పోయింది, ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు లెక్క. నోటీసుల్లో జరిగే తప్పులు చూపించి కేసులు కొట్టేయించుకునేవాళ్లని ఆపడానికి తెచ్చిన మంచి మార్పే అది. కానీ దాంతో నెల మధ్యలో అద్దె ముగియడం మామూలైపోయింది, ముందే కట్టిన నెలలో మిగిలిన రోజుల సంగతి మాత్రం మన అగ్రిమెంటులకే వదిలేశారు, మన అగ్రిమెంటులేమో జిరాక్స్ షాపులో ఎవరిదో పాతదాంట్లో పేర్లు మార్చి ప్రింటు తీసినవి.

ఈ బాధలన్నీ పడ్డవాళ్లు కనిపెట్టిన ఉపాయం అందరికీ తెలిసిందే, ఆఖరి రెండు నెలలు అద్దె మానేసి "అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి" అనడం. ఎందుకు చేస్తారో నాకు బాగా అర్థమవుతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి రాదనే భయం. కానీ నేనైతే చేయను, చేయమని చెప్పను. డిపాజిట్ ఉన్నది డ్యామేజీలకీ కరెంటు బిల్లు బాకీకీ, దాన్ని ఆఖరి అద్దెగా తినేస్తే ఓనరు దగ్గర ఆ రెండు నెలలూ ఏ రక్షణా ఉండదు, అది తెలిసిన ఓనరు వచ్చే అద్దెదారుని మూడు నెలల అడ్వాన్స్ అడుగుతాడు. అయితే కోర్టులు దీన్ని ఎలా చూశాయో ఒక మాట చెప్పాలి. మన గూడూరులోని ఒక హోటల్ కేసు 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అద్దె బాకీ పడ్డారని ఖాళీ చేయించమన్నారు, కానీ ఓనరు దగ్గర చట్టం ఒప్పుకున్నదానికి మించి అడ్వాన్స్ ఉంది, బాకీ కంటే ఎక్కువే ఉంది. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఎగవేత అనడం కుదరదు అని కోర్టు అద్దెదారు వైపే నిలబడింది. అది అద్దెల చట్టం వర్తించే భవనం కాబట్టి ఆ తీర్పుని మన ఫ్లాటుకి యథాతథంగా పట్టుకురాలేం.

బోస్టన్‌లో చదువుతున్న మా పిన్ని కూతురు చెప్పిన పద్ధతి నాకు ఇందుకే నచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో చేరేటప్పుడు ఓనరు మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, ఒక నెలకి మించని డిపాజిట్, కొత్త తాళం ఖర్చు, ఇవి తప్ప ఇంకేం అడగకూడదు. చూస్తే మొత్తం మూడు నెలలే, మన మూడు నెలల కంటే తక్కువేం కాదు. కానీ ఏ డబ్బు దేనికో పేరు పెట్టి విడివిడిగా తీసుకుంటారు, ఆఖరి నెల అద్దెగా తీసుకున్నది ఆఖరి నెల అద్దెకే పోతుంది, దాని మీద అద్దెదారుకి వడ్డీ కూడా ఇవ్వాలి. అడ్వాన్స్ అనే ఒకే గంపలో అన్నీ వేయరు.

ఇంకో చోట కూడా ఈ గొడవ వస్తుంది. మా కింద ఫ్లాటు అక్టోబర్ 1న చేతులు మారింది. అందులో అద్దెకున్న ఆంటీ వాళ్లు అప్పటిదాకా నెల తర్వాత కట్టేవాళ్లు, కొత్త ఓనరు ఇకనుంచి ముందే కట్టాలన్నాడు. అలా అయితే అక్టోబర్ 5న సెప్టెంబర్ అద్దె, అక్టోబర్ అద్దె, రెండూ కట్టాలి. ఆవిడ ఒప్పుకుని కట్టేసింది గానీ ఫోన్ పేలో నోట్‌లో ఏమీ రాయలేదు. అది ప్రమాదం అని నేను ఆవిడకి చెప్పాను, ఎందుకంటే 5వ తారీఖున పడ్డ 18,000 చూస్తే అది పోయిన నెలదో ఈ నెలదో దాని మొహం మీద రాసి ఉండదు. రెండేళ్ల తర్వాత ఖాళీ చేసే రోజు "మీరు ఆఖరి నెల బాకీ" అంటే చూపించడానికి ఏం ఉండదు. ఆ రోజు తేల్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, ఉన్న నెలలెన్నో, కట్టిన అద్దెలెన్నో, అడ్వాన్స్ పక్కనపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టడం. రెండూ సమానమైతే బాకీ లేదు, కట్టినవి ఒకటి తక్కువైతే ఆఖరి నెల ఇంకా కట్టాలి. అందుకే ఆంటీ చేత కొత్త ఓనరుకి ఆ రాత్రే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించాను: "ఈ రోజు పంపిన రెండు అద్దెలు సెప్టెంబర్, అక్టోబర్ నెలలవి. ఇకనుంచి ఏ నెలది ఆ నెల 5 లోపు." ఆయన సరే అని రిప్లై ఇచ్చాడు. పాత ఓనరు దగ్గరున్న అడ్వాన్స్ తన దగ్గరికి వచ్చిందని కూడా అందులోనే రాయించమన్నాను, దానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు మేం ఉన్నది విజయవాడలో, అద్దె 16,000. ఓనరు పిన్నిగారు మొదట రెండు నెలల అడ్వాన్సూ, అద్దె ముందే అన్నారు. నేను 35 రోజులు, 5 రోజుల లెక్క ఆవిడ డైనింగ్ టేబుల్ మీద రాసి చూపించి, రెండింట్లో మీకు ఏది కావాలో మీరే చెప్పండి పిన్నిగారూ అన్నాను. ఆవిడ కాసేపు చూసి అద్దె ముందే ఇవ్వండి, అడ్వాన్స్ ఒక నెల చాలు అన్నారు. అగ్రిమెంటులో రెండు లైన్లు నేనే చెప్పి రాయించాను, ఇలా:

"ప్రతి నెల అద్దె ఆ నెల 5వ తేదీలోపు ముందుగా చెల్లించబడును. నెల మధ్యలో ప్రవేశించినా, నోటీసు ఇచ్చి ఖాళీ చేసినా, ఆ నెల అద్దె నివసించిన రోజులకు మాత్రమే లెక్కించి, ఎక్కువ చెల్లించిన మొత్తం తాళాలు ఇచ్చిన రోజే అడ్వాన్స్‌తో పాటు తిరిగి ఇవ్వబడును."

టైపు చేసే అబ్బాయి "ఇలాంటిది ఇంతవరకు ఎవరూ రాయించలేదు మేడం" అన్నాడు. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, రోజుకి ఎంత అవుతుందో కూడా రాయమన్నారు, 30 రోజుల నెల అనుకుని 533 రూపాయలు అని పెన్నుతో రాసి పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం.